నెపమంతా నూనె మీదేనా?

2024 సెప్టెంబర్ మూడో వారంలో మా తోటికోడలు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "అక్కా, నువ్వు తెలుగు బీఏ కదా, ఇది ఒకసారి చూసి పెట్టు" అంది. తను నాలుగేళ్ళుగా ఇంట్లో జంతికలు, చేగోడీలు, అరిసెలు చేసి అమ్ముతోంది. మా పాతపట్నంలోనూ, ఏరు దాటితే పర్లాకిమిడిలోనూ, విశాఖలో ఉండే మన ఊరివాళ్ళకీ కలిపి ముప్పై నాలుగు ఇళ్ళు తనకి వాడుక. జంతికల ఫొటో కింద పెట్టడానికి తను రాసుకున్నది ఇది:

"ప్రియమైన కస్టమర్లకు విజ్ఞప్తి. నూనె ధరలు విపరీతంగా పెరిగినందున, అనివార్య కారణాల వల్ల మా జంతికల ధరలు స్వల్పంగా సవరించడమైనది. ఎప్పటిలాగే మీ ఆదరణ కోరుతూ."

ఎంత పెంచుతున్నావమ్మా అని అడిగాను. కేజీ రెండువందల అరవై ఉన్నది మూడువందల ఇరవై చేద్దామనుకుంటున్నానంది. అరవై రూపాయలు. ఆ అరవై అనే అంకె మాత్రం రాసినదాంట్లో ఎక్కడా లేదు.

ఆ రెండు వాక్యాల మీద ఆ సాయంత్రమంతా కూర్చున్నాం. ఇంట్లో ఏదో చేసి అమ్ముతున్నవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. పెంచిన ధర ఎలా చెప్పాలో తెలియక ఆగిపోయేవాళ్ళూ, చెప్పకుండా తూకం తగ్గించేసేవాళ్ళూ నాకే ఇద్దరు ముగ్గురు తెలుసు. అందుకే ఆ సాయంత్రం లెక్క దాచకుండా మీ ముందు పెడుతున్నాను.

ముందు భాష సంగతి. "సవరించడమైనది" అంటే ఎవరు సవరించారు? ఆ మాటలో మనిషి లేడు. కరెంటు ఆఫీసు గోడ మీద కాగితానికి అది సరిపోవచ్చు. చేగోడీలు పొట్లం కట్టి, "అత్తా, పిల్లడికి జ్వరం తగ్గిందా" అని అడిగి ఇచ్చే మనిషి నోట ఎలా నప్పుతుంది? పైగా సవరించడమంటే తప్పుని సరిచేయడం. అంటే ఇన్నాళ్ళూ పెట్టిన ధర తప్పనా? "స్వల్పంగా" అన్నది ఇంకా ప్రమాదం. అరవై రూపాయలు స్వల్పమో కాదో చెప్పాల్సింది ఇచ్చేవాళ్ళు గాని పుచ్చుకునేవాళ్ళు కాదు. ఇక "అనివార్య కారణాలు" అని చదవగానే చెప్పుకోలేని కారణమేదో ఉందని జనానికి అర్థమైపోతుంది. పెళ్ళి వాయిదా పడినప్పుడు కూడా ఇదే మాట వేస్తారు మరి.

ఇవన్నీ కొట్టేయగా మిగిలింది ఒక్క కారణం, నూనె. అది అబద్ధమేమీ కాదు. కేంద్రం సెప్టెంబర్ 14 నుంచి ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద అంతకుముందు అసలే లేని మూల దిగుమతి సుంకాన్ని 20 శాతం చేసింది. శుద్ధి చేసిన నూనె మీద 12.5 ఉన్నది 32.5 అయింది. మన దేశం వంటనూనెలో సగానికి పైగా బయటినుంచే తెచ్చుకుంటుంది కాబట్టి అది వారం తిరక్కుండానే మా వీధి కొట్లో కనిపించింది. లీటరు నూటపదిహేను ఉన్న పొద్దుతిరుగుడు నూనె నూటముప్పై ఏడయింది.

"అదేకదక్కా, ఇరవై రెండు పెరిగింది" అంది మా తోటికోడలు.

"లీటరుకి కదా పెరిగింది. కేజీ జంతికలకి లీటరు నూనె పడుతుందా?"

అప్పుడు కాగితం తీశాం. కేజీ జంతికలు చల్లారాక వాటిలో పీల్చుకుని ఉండే నూనె మూడువందల గ్రాముల దాకా ఉంటుంది. పిండిలో నీరు ఎక్కువైనా, నూనె సరిగా కాగకుండా వేసినా ఇంకా పీలుస్తుంది. తను వేయించిన నూనె మర్నాడు మళ్ళీ వాడదు కాబట్టి మూకుట్లో మిగిలి పారబోసేది కేజీకి మరో వంద గ్రాములు వేసుకోవచ్చు. మొత్తం నాలుగువందల గ్రాములు, అంటే అర లీటరుకి కాస్త తక్కువ. దాని మీద పెరిగిన ఖర్చు సుమారు పది రూపాయలు.

పది. తను పెంచబోయేది అరవై. మిగతా యాభైకి నూనె పేరు చెబితే అది నెపమే అవుతుంది. తన దగ్గర కొనేదెవరు? నెలకి నాలుగు లీటర్ల నూనె కొనే ఆడవాళ్ళు. మూకుట్లో ఎంత పోస్తే ఎంత మిగులుతుందో మనకన్నా వాళ్ళకి తక్కువ తెలుసా? పైకి అనకపోవచ్చు గాని మనసులో లెక్క కట్టేసుకుంటారు. ఆ లెక్క తేలిన రోజున పోయేది యాభై రూపాయలతో ఆగదు.

అలాగని మిగతా యాభై అన్యాయం అనుకోకండి. అక్కడే అసలు విషయం ఉంది. పాత ధర పెట్టింది రెండేళ్ళ కిందట. అప్పటినుంచి బియ్యప్పిండి, శనగపిండి, వెన్న, నువ్వులు కలిపి కేజీకి మరో పది పెరిగాయి. తనతోపాటు పిండి కలిపి గొట్టం తిప్పే ఆవిడకి రోజుకి నాలుగువందలిచ్చేది, ఈమధ్యే నాలుగువందల ఎనభై చేసింది. ఇద్దరూ కలిసి పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేస్తే ఎనిమిది కేజీలవుతాయి. అంటే కూలి మీద కేజీకి ఇంకో పది. నూనె పది, సరుకు పది, కూలి పది, మొత్తం ముప్పై.

ఈ ముప్పై ఎక్కడనుంచి పోతోందో చూడండి. రెండేళ్ళ కిందట రెండువందల అరవైకి అమ్మితే ఖర్చులన్నీ పోను తనకి కేజీకి యాభై రెండు మిగిలేవి. ఎనిమిది కేజీలకి నాలుగువందల పదహారు, కూలికి వచ్చిన ఆవిడకన్నా పదహారు రూపాయలు ఎక్కువ. ఇప్పుడు అదే ధరకి మిగిలేది ఇరవై రెండు. రోజంతా పొయ్యి ముందు నిలబడితే నూటడెబ్భై ఆరు రూపాయలు. తను జీతమిచ్చే మనిషికి వచ్చేదాంట్లో సగం కూడా తనకి రావడం లేదు. ఆ అంకె వేశాక మా తోటికోడలు కాసేపు మాట్లాడలేదు. నాకూ ఏం తోచలేదు. నాలుగేళ్ళుగా పక్కింట్లోనే ఉన్నాను, అడుగుతూ ఒక్కసారైనా ఈ లెక్క వేయించలేదు.

ఖర్చు ముప్పై పెంచితే రెండేళ్ళ కిందటి చోటికే వస్తుంది. తన కష్టానికి ఇంకో ముప్పై అడగాలనుకుంది, చివరికి ఇరవై దగ్గర ఆగింది. కొత్త ధర మూడువందల పది. దానికీ మూడువందల ఇరవైకీ మధ్య పదిలో ఏ శాస్త్రమూ లేదు. ఐదోవంతు దాటి ఒక్కసారిగా పెంచితే తన చెయ్యి ఆడడం లేదంది, అంతే.

ఇక గొడవ ఆ ఇరవై దగ్గరే మొదలైంది. దాన్ని కాప్షన్లో రాయాలా వద్దా? రాయాల్సిందే అన్నాను. మా అత్తయ్య అప్పటిదాకా చాటలో నువ్వులు చెరుగుతూ వింటున్నారు. "ఇంటికాడ సేసుకున్నదానికి కూలేటే? ఊళ్ళో నలుగురూ నవ్విపోతారు" అన్నారు. ఆవిడని తప్పు పట్టను. ఆవిడ కాలంలో అరిసెలు చేసి పంపడమే గాని అమ్మడం లేదు. మా తోటికోడలికీ అదే మొహమాటం. నూనెకి అడగగలదు, నువ్వులకి అడగగలదు, పనిమనిషి కూలికి అడగగలదు, తనకి అడగలేదు. నూనె మీద నెపం పెట్టాలనిపించింది అత్యాశ వల్ల కాదు, ఈ సిగ్గు వల్ల. నేను చూసినంతలో ఇంటి దగ్గర అమ్మే ఆడవాళ్ళు చాలామంది ధర విషయంలో చెప్పే చిన్న అబద్ధాలు ఇక్కడే పుడతాయి.

వేరే దారులు కూడా తను ఆలోచించే ఉంది. ఒకటి, అరకేజీ పొట్లంలో నాలుగువందల యాభై గ్రాములు వేసి ధర అలాగే ఉంచడం. పెద్ద కంపెనీలు చేసేది అదే. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఐదు రూపాయలుగానే ఉండి ఏటేటా ఎలా చిక్కిపోయిందో మనందరం చూశాం. వాళ్ళు కనీసం మారిన బరువు ప్యాకెట్ మీద అచ్చు వేస్తారు. మన పొట్లం మీద రాసేది మనమే, అరకేజీ అని రాసి తక్కువ తూస్తే దానికి వేరే పేరుంది. ఇంకో దారి, పొద్దుతిరుగుడు నూనెలో పామాయిల్ కలపడం. అది చలికాలంలో బయటపడుతుంది. డిసెంబర్లో పొట్లం లోపలివైపు తెల్లగా మైనంలా పేరుకుంటుంది, నాలిక మీద పూతలా మిగులుతుంది. రెండు కేజీలు విశాఖ పంపితే అక్కడి ఆడపడుచే ముందు ఫోన్ చేస్తుంది. ఈ రెండూ వద్దని తనే అంది, నేను చెప్పే పని లేకపోయింది.

ఎప్పటినుంచి పెంచాలన్నది నాకు అనుకోకుండా తట్టింది. సుంకం పెరిగిన మూడు నాలుగు రోజులకే కేంద్రం నూనె కంపెనీలకి ఒక మాట చెప్పింది. పాత సుంకం మీద తెచ్చిన నిల్వ ఇంకా చాలా ఉంది, అది అయ్యేదాకా ధర పెంచకండి అని. పేపర్లో ఆ వార్త చదివి, మరి మా కొట్లో ఎలా పెరిగిందని నేను విసుక్కున్నాను. విసుక్కుంటూ మా తోటికోడలి స్టోర్ గదిలోకి చూస్తే అక్కడ మూత తీయని పదిహేను కేజీల నూనె డబ్బా ఒకటుంది, ఆగస్టులో కొన్నది. కేజీకి నాలుగువందల గ్రాముల లెక్కన దాంతో ముప్పై ఏడు కేజీల జంతికలొస్తాయి. కంపెనీలని అడిగిన ప్రశ్న మనకీ వర్తిస్తుంది కదా? పాత డబ్బా నూనెతో చేసినవాటికి కొత్త ధర ఎలా అడుగుతాం?

అందుకని సెప్టెంబర్ 30 దాకా చెప్పినవాళ్ళకి పాత ధర, అక్టోబర్ 1 నుంచి కొత్త ధర అనుకున్నాం. ఆ ఏడు దసరా అక్టోబర్ 12న. నీలమణి దుర్గమ్మ గుడికి వచ్చే చుట్టాలతో ఇళ్ళన్నీ నిండే రోజులు, అసలు అమ్మకం అప్పుడే. పండగ ముందు రోజు ధర పెంచితే అవసరం చూసి మెడ మీద కూర్చున్నట్టుంటుంది. పది రోజులు ముందు చెప్పి, పండగ సరుకు పాత ధరకే రాయించుకోవచ్చంటే వాడుకవాళ్ళకి మనం నిజంగా ఏదో ఇచ్చినట్టు. "మీ ఆదరణ కోరుతూ" అన్న మాట కన్నా ఇదే వాళ్ళకి పనికొస్తుంది.

చివరికి ఫొటో కింద పెట్టింది ఇది:

"అక్టోబర్ 1 నుంచి జంతికలు కేజీ 310 రూపాయలు. ఇప్పటిదాకా 260.

పెరిగిన 50లో నూనెకి 10, పిండి, వెన్న, నువ్వులకి 10, నాతో పనిచేసే ఆవిడ కూలికి 10. మిగతా 20 నా కష్టానికి. రెండేళ్ళుగా పెంచలేదు.

తూకం, నూనె రకం, చేసే పద్ధతి ఏవీ మారవు. చేగోడీలు, అరిసెల ధర పెంచలేదు.

సెప్టెంబర్ 30 లోపు చెప్తే దసరాకి ఇచ్చేవాటికి కూడా పాత ధరే, ఇంటికి రెండు కేజీల వరకు. ఏదైనా అడగాలంటే ఫోన్ చెయ్యండి, నేనే మాట్లాడతాను."

కొత్త ధర మొదటి వాక్యంలోనే ఉండడం కావాలని చేసిందే. ఇన్‌స్టాగ్రామ్‌లో కాప్షన్ ఒకటి రెండు వరసలే కనిపించి తక్కినది మోర్ అనే మాట వెనక దాక్కుంటుంది. పైన నమస్కారాలూ పండగ శుభాకాంక్షలూ పెట్టి ధర కింద పెడితే, మనం దాచామనే అనుకుంటారు. పాత ధర కూడా పక్కనే వేయాలి. తేడా ఎంతో వాళ్ళు వెతుక్కునేలా చేయకూడదు.

వాట్సాప్ స్టేటస్ ఒక్కరోజే ఉంటుందని మొదట నేను పట్టించుకోలేదు. ఆ రోజు చూడనివాళ్ళకి తెలిసే దారి లేదు. తను బ్రాడ్‌కాస్ట్ లిస్టులో కూడా పంపింది గాని, మన నంబర్ వాళ్ళ ఫోన్లో సేవ్ చేసుకుని ఉంటేనే అది అందుతుంది. పెద్దవాళ్ళు చాలామంది నంబర్ సేవ్ చేసుకోరు, పాత కాల్స్‌లోకి వెళ్ళి ఫోన్ చేస్తారు. పర్లాకిమిడిలో ఒక పెద్దావిడ అక్టోబర్ ఐదున మనిషిని పంపి లెక్కగా ఐదువందల ఇరవై ఇచ్చి రెండు కేజీలు తెమ్మన్నారు. ఆవిడకి ఏ కబురూ అందలేదు. మా తోటికోడలు పాత ధరకే ఇచ్చి, అప్పుడు ఫోన్ చేసి చెప్పింది. ముప్పై నాలుగు ఇళ్ళే కదా, అందులో ఫోన్ చూడని ఆరేడు ఇళ్ళకి ముందే నోటితో చెప్పి ఉండాల్సింది. అది మా పొరపాటు.

ఇంటికి రెండు కేజీలన్న హద్దు పెట్టడం మంచిదైంది. కాప్షన్ పెట్టిన సాయంత్రమే ఒక కొట్టాయన పాత ధరకి పదిహేను కేజీలు అడిగాడు. ఆయనకిస్తే తన కొట్లో కొత్త ధరకి అమ్ముకునేవాడు, వాడుక ఇళ్ళకి డబ్బాలో నూనె మిగిలేది కాదు. మొత్తం మీద పాత ధరకి రాయించుకున్నవి నలభై ఆరు కేజీలయ్యాయి. డబ్బా నూనె సరిపోక తొమ్మిది కేజీలు కొత్త నూనెతోనే చేసింది. కేజీకి యాభై చొప్పున ఆ నలభై ఆరు మీద వదులుకున్నది రెండువేల మూడువందలు. ఎనిమిది కేజీలు చేసే రోజుకి కొత్త ధర వల్ల నాలుగువందలు ఎక్కువ వస్తుంది కాబట్టి ఆరు రోజుల పనిలో అది పూడిపోయింది.

పాతవాళ్ళకి చాటుగా తక్కువకి ఇద్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది. నేను ఒప్పుకోలేదు. మన ఊళ్ళో చాటు ఎక్కడుంది? ఒకే పేరంటానికి వెళ్ళే ఇద్దరు ఒకే జంతికలకి రెండు ధరలిచ్చామని తెలుసుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

అందరూ మెచ్చుకున్నారని చెప్పను. మూడిళ్ళు మానేశాయి. ఒకరు నెల తర్వాత మళ్ళీ వచ్చారు. ఒక టీచరుగారు మాత్రం ఫోన్ చేసి సూటిగా అడిగారు. "ఏటమ్మా, నూనెకి పదేనా? మరి ఆ ఇరవై నీకా?" మా తోటికోడలు స్పీకర్ పెట్టి నా వైపు చూసింది. నేను తల ఊపాను. "నాకేనండి. రోజుకి నూటడెబ్భై ఆరే మిగులుతోందండి" అంది. అటునుంచి కాసేపు మాటలేదు. "అంత తక్కువా? అయితే ఇరవై చాలదే" అన్నారావిడ. నాకు ఆ మాట కన్నా ఆవిడ అడగడమే బాగా అనిపించింది. మనసులో పెట్టుకుని మానేసిన ఇద్దరూ అడిగి ఉంటే వాళ్ళకీ ఇదే జవాబు దొరికేది.

తర్వాత 2025 ఏప్రిల్‌లో రాజమండ్రి పచ్చళ్ళ గొడవ వచ్చినప్పుడు నాకు ఈ ఫోనే గుర్తొచ్చింది. ఇంత రేటేమిటని వాట్సాప్‌లో ఒకరు అడగడం, దానికి బూతులతో వాయిస్ మెసేజ్ వెళ్ళడం, అది ఊరూరా తిరిగి ఆ వ్యాపారమే మూతపడడం మీరందరూ చూసే ఉంటారు. ఆ ఆడపిల్లల మీద జనం పడిన తీరు కూడా నాకు నచ్చలేదు, అది వేరే సంగతి. ధర అడగడాన్ని తిట్టుగా తీసుకోవడం దగ్గరే అది మొదలైంది. లెక్క మన దగ్గర సిద్ధంగా ఉంటే ఆ ప్రశ్నకి ఉలికిపడం. లేనప్పుడే కోపం వస్తుంది. ఆ సెప్టెంబర్ సాయంత్రానికి ముందు ఎవరైనా అడిగి ఉంటే మా తోటికోడలైనా ఏం చెప్పేదో నాకు తెలియదు.

2025 మే నెలాఖరున కేంద్రం ముడి నూనెల మీద ఆ ఇరవై శాతాన్ని పదికి తగ్గించింది. వారం తిరిగేసరికి ఆ టీచరుగారే పేపర్ కటింగ్ ఫొటో తీసి పంపారు, "సుంకం సగం చేశారట, మరి మన జంతికలో?" అంటూ. మొదటి కాప్షన్ అలాగే వెళ్ళి ఉంటే ఈ ప్రశ్న అరవై రూపాయల మీద వచ్చేది. ఇప్పుడు వచ్చింది పది మీదే. మా తోటికోడలు కొట్టుకెళ్ళి నూనె ప్యాకెట్ ఫొటో తీసి తిరిగి పంపింది, ధర తగ్గలేదు. "కొట్లో తగ్గిన రోజున ఆ పదిలోంచి తగ్గిస్తానండి" అని కింద రాసింది. ఈసారి నన్ను చూసి పెట్టమనలేదు.

"సరే, ఆ పది సంగతి తేలేలోగా ఓ రెండు కేజీలు పంపు, మా అబ్బాయి వస్తున్నాడు" అని జవాబొచ్చింది.